పన్నెండు గంటల తగవు



ఈసారి ఏ ప్రబంధం గురించో, ఏ శాసనం గురించో వ్రాయదలచుకోలేదు. మూడవ తరగతి చదువుతున్న మా మనుమరాలి వర్క్‌షీటు గురించి వ్రాస్తున్నాను. దానిమీద ఒక ఎర్ర ఇంటూ గుర్తు పడింది. ఆ గుర్తు పిల్లదానిది కాదు, నాది.

ఒక కాగితం. పైభాగంలో గుండ్రటి గడియారాలు ఆరు, వాటి క్రింద ఖాళీ గీతలు. క్రిందిభాగంలో మాటల లెక్కలు నాలుగు. రైలు ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు చేరింది, ఎంతసేపు పట్టింది; ఇలాంటివి. నడుమ ఒక చిన్న ప్రశ్న: "మధ్యాహ్నం సరిగా పన్నెండు గంటలు. ఇది ఎ.ఎం.? పి.ఎం.?" పిల్ల నా దగ్గరకు వచ్చి "తాతయ్యా, ఏది వ్రాయాలి?" అని అడిగింది. ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పిన ధీమాతో, "పదకొండు ఎ.ఎం. కదా తల్లీ, పన్నెండు దాని తరువాతిదే, సూర్యుడు ఇంకా నడినెత్తి దాటలేదు, కనుక ఎ.ఎం." అన్నాను. మరునాడు సాయంత్రం ఆ కాగితాన్ని నా ఒడిలో పడవేసి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. పదికి తొమ్మిది.

ఆ ఒక్క మార్కు పోయిన చోటు ఎక్కడిదో వెదుకుతూ వారం రోజులు గడిపాను. ఆ వెదుకులాటలో తేలిన సంగతులలో నాకు ఎక్కువ నచ్చినవి ఇక్కడ చెబుతాను.

ముందు మన మాటలతోనే మొదలుపెడతాను; పండితుడి బలహీనత, మన్నించండి. "ఎన్ని గంటలయింది?" అని అడుగుతున్నప్పుడు మనం నిజానికి ఎన్నిసార్లు గంట మ్రోగిందని అడుగుతున్నాం. ఇంగ్లీషువారి 'క్లాక్' అనే మాటకు కూడా మూలం గంట అనే అర్థంగల మధ్యయుగ లాటిన్ పదమే. ఇక గడియారంలో గడియ ఉన్నది. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. నేటి గడియారం గంటలను, నిమిషాలను, సెకన్లను కొలుస్తుంది గాని ఒక్క గడియను కూడా కొలవదు. పేరు మాత్రం మిగిలింది. నిమిషమంటే రెప్పపాటు, దానికి అరవై సెకన్ల బరువు ఎత్తిపెట్టినవాళ్ళం మనమే.

ఇంగ్లీషు 'అవర్' గ్రీకు 'హోరా' నుండి వచ్చింది. మన జ్యోతిషంలోని హోర కూడా అదే. అయితే, 'అహోరాత్ర' శబ్దంలో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ లోపించగా హోర మిగిలిందని కొందరి మతమంటూ వరాహమిహిరుడు బృహజ్జాతకంలో పేర్కొన్నాడు. భాషాశాస్త్రం దీనిని ఒప్పుకోదు. కాని అహోరాత్రంలో రెండు చివరలూ తెగిపోయి నడుమ ముక్క మిగలడమన్నది నాకు ముచ్చటగానే ఉంటుంది. ఎ.ఎం., పి.ఎం.ల తగవంతా సరిగ్గా ఆ తెగిన చివరల దగ్గరే గనుక.

గడియారం ముఖం మీద పన్నెండే ఎందుకున్నాయి? రోజుకు ఇరవై నాలుగు గంటలైనప్పుడు ఇరవై నాలుగు అంకెలు వేస్తే పిల్లలకు ఈ బాధే ఉండేది కాదు గదా? అలా వేసిన గడియారాలున్నాయి. ఇటలీలో ఫ్లారెన్సు నగరపు పెద్ద చర్చి లోపలి గోడమీద 1443లో పావొలో ఉచెల్లో అనే చిత్రకారుడు చిత్రించిన గడియారం ముఖం ఒకటి ఉన్నది. దాని చుట్టూ ఇరవై నాలుగు గంటలు. ముల్లు ఒక్కటే. అది మన గడియారాలకు ఎదురుదిశలో తిరుగుతుంది. గంటల లెక్క సూర్యాస్తమయం నుండి మొదలై మరునాటి సూర్యాస్తమయంతో ముగుస్తుంది. అంటే ఆ ముల్లును చూసినవానికి, చీకటి పడడానికి ఇంకా ఎంత వ్యవధి ఉన్నదో తేలికగా తెలిసిపోయేది.

పన్నెండు అంతకన్నా చాలా పాతది. పగటిని పన్నెండుగా, రాత్రిని వేరే పన్నెండుగా పంచినవారు ప్రాచీన ఈజిప్టువారు. రోమనులు కూడా పగటిని పన్నెండు హోరలు చేశారు. ఆ గంటలు సమానమైనవి కావు. వేసవిలో పగటి గంట పొడుగు, శీతకాలంలో పొట్టి. పగలూ రాత్రీ రెండు వేరు వేరు లెక్కలు కనుక వారికి అయోమయం లేదు. మరయంత్రాలతో నడిచే గడియారాలు వచ్చాక గంటలన్నీ సమానం కావలసివచ్చింది. అయినా పన్నెండు రెండుసార్లు అనే పాత పంపకం నిలిచిపోయింది. దీనికి గంటలు కొట్టే బాధ కూడా తోడై ఉంటుందని నా ఊహ. రోజంతా ఒకటి నుండి ఇరవై నాలుగు దాకా కొడితే మూడు వందల దెబ్బలు. పన్నెండు చొప్పున రెండుసార్లు కొడితే నూట యాభై ఆరు. సగానికి సగం తగ్గినట్లే. నడిరాత్రి ఇరవై నాలుగు దెబ్బలు తప్పులేకుండా లెక్కపెట్టుకోగలవారెందరు?

ఆ ఒంటి ముల్లు సంగతి చెప్పాలి. వర్క్‌షీటు పైభాగంలోని గడియారాలకు అదే తాళంచెవి. తొలినాటి యంత్ర గడియారాలకు గంటల ముల్లు ఒక్కటే ఉండేది. రోజుకు పావుగంట అటూ ఇటూ తప్పే యంత్రానికి నిమిషాల ముల్లు దేనికి? 1656లో హాలండు దేశస్థుడు క్రిస్టియాన్ హైగెన్స్ లోలకంతో గడియారాన్ని నడిపించిన తరువాతనే నిమిషాలను నమ్మదగిన రోజులొచ్చాయి. నిమిషాల ముల్లు వాడుకలో స్థిరపడింది. అంతకు ముందు జనం చిన్నముల్లు ఒక్కదానినే చూసి కాలం తెలుసుకున్నారు. రెండు అంకెల నడుమ అది ఎంత దూరం జరిగిందో చూసి పావా, అరా, ముప్పావా అని చెప్పగలిగేవారు.

మన పిల్లలకు ఈ విద్య పోయింది. పెద్దముల్లు ఆరు మీద ఉంటే ముప్పై నిమిషాలని కంఠతా పెట్టి, చిన్నముల్లును ఏదో ఒక అంకెమీద అతికిస్తారు. మూడున్నరకు ముళ్ళు గీయమంటే తరగతిలో సగం మంది చిన్నముల్లును సరిగా మూడు మీదే గీస్తారు. అది మూడున్నర కాదు. అలాంటి క్షణం గడియారంలో ఎప్పుడూ రాదు. చిన్నముల్లు గంటకు ముప్పై డిగ్రీలు, అంటే నిమిషానికి అర డిగ్రీ చొప్పున జరుగుతుంది. మూడున్నరకు అది మూడుకూ నాలుగుకూ సరిగ్గా నడుమ ఉండాలి. చదవడంలో వచ్చే తప్పు దీనికి తోబుట్టువు. మూడూ యాభైకి చిన్నముల్లు నాలుగును దాదాపు అంటుకొని ఉంటుంది. పిల్ల దానిని చూసి నాలుగూ యాభై అని వ్రాస్తుంది. మా మనుమరాలు కూడా మొదట అలాగే వ్రాసింది. అప్పుడు నేను ఒక తెల్లకాగితం తీసి గడియారంలోని పెద్దముల్లును కప్పివేశాను. "ఇప్పుడు చిన్నముల్లు ఒక్కటే ఉంది. నాలుగు దాటిందా, దాటబోతోందా?" అన్నాను. "దాటబోతోంది" అంది. "అయితే ఇంకా మూడే" అన్నాను. దిద్దుకుంది. హైగెన్సుకు పూర్వపు మనుషులు చేసిన పని కూడా అంతే.

ఇక్కడ తెలుగు పిల్లలకు ప్రత్యేకించి ఒక చిక్కు ఉన్నది. "పావు తక్కువ నాలుగు" అంటాం. అందులో వినబడే అంకెలు పావు, నాలుగు. కనుక కొందరు 4.15 అని, మరికొందరు 4.45 అని వ్రాస్తారు. రావలసినది 3.45. 'తక్కువ' అనే మాటను చెవి జారవిడుస్తుంది. "మూడూ ముప్పావు" అంటే ఈ తప్పు రాదు. నేను తెలుగు పాఠం చెబుతూ కూడా ఈ రెండు పలుకుబళ్ళను ఒకదాని ప్రక్కన ఒకటి బోర్డుమీద వ్రాసేవాణ్ణి. లెక్కల మాస్టారు నవ్వేవారు.

ఇప్పుడు ఎంతసేపు పట్టిందనే లెక్కలకు వద్దాం. మనం కాలాన్ని చుక్కతో వ్రాస్తాం: 5.05, 2.50. రూపాయలు, పైసలు కూడా చుక్కతోనే వ్రాస్తాం. ప్రమాదమంతా ఆ చుక్కలో ఉంది. మధ్యాహ్నం 2.50కి మొదలైన ఆట సాయంత్రం 5.05కి ముగిసింది, ఎంతసేపు జరిగింది? పిల్ల పైసల లెక్కలాగా తీసివేస్తుంది. అయిదులోనుంచి యాభై పోదు గాని, చిన్నది పెద్దదానినుంచి తీయాలి కనుక ఎదుటి అయిదులోనుంచి ఒకటి అప్పు తెస్తుంది. ఆ ఒకటిని నూరుగా మారుస్తుంది. నూట అయిదులో యాభై పోతే యాభై అయిదు. జవాబు 2.55. చూడడానికి చక్కగా ఉంది. నిజమైన జవాబు రెండు గంటల పదిహేను నిమిషాలు.

ఈ తప్పుకు ఒక ఆనవాలున్నది. తెచ్చిన అప్పు అరవై నిమిషాలకు బదులు నూరయింది కనుక జవాబు ఎప్పుడూ సరిగ్గా నలభై నిమిషాలు ఎక్కువ వస్తుంది. నిమిషాల స్థానంలో అరవైకి మించి వస్తే, ఉదాహరణకు 1.65 వస్తే, పిల్లే అనుమానపడుతుంది. కాని 2.55 లాంటిది వచ్చినప్పుడు ఎవరికీ అనుమానం రాదు. దిద్దేవారు నిజమైన జవాబుకూ పిల్ల జవాబుకూ తేడా చూడాలి. నలభై నిమిషాలైతే పిల్లకు తీసివేత బాగానే వచ్చు. అరవై నూరయింది, అంతే. అలాంటి పిల్లకు తీసివేతలు మళ్ళీ మొదటినుంచి చెప్పడం వృథా ప్రయాస.

మా నాన్నగారి తరానికి ఈ తప్పు రాదు. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు. ఆ తరం పిల్లలు ప్రతి తీసివేతలోనూ "ఇక్కడ అప్పు తెచ్చిన ఒకటి ఎంతకు సమానం?" అని ఆగి ఆలోచించుకోవలసిందే. నూరు అనే ఒకే ఒక జవాబుకు మనం అలవాటు పడ్డాం. ఫ్రెంచి విప్లవకారులు 1793లో కాలాన్ని కూడా దారిలో పెడదామని రోజుకు పది గంటలు, గంటకు నూరు నిమిషాలు, నిమిషానికి నూరు సెకన్లు అని శాసనం చేశారు. రెండేళ్ళు కూడా నిలవలేదు. 1795లో దానిని ప్రక్కన పెట్టేశారు. ఆ శాసనం నిలిచి ఉంటే మా మనుమరాలి 2.55 రకం జవాబులన్నీ సరైనవే అయ్యేవి.

ఇంకొక తీసివేత మన చరిత్రలోనిదే. మదరాసు నక్షత్రశాల కాలం గ్రీనిచ్ కంటె 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు. మన రైళ్ళు చాలాకాలం ఆ మదరాసు కాలం ప్రకారమే నడిచాయి. 1906 జనవరి 1 నుండి వచ్చిన భారత ప్రామాణిక కాలం 5 గంటల 30 నిమిషాలు ముందు. మదరాసు గడియారాన్ని ఎంత ముందుకు తిప్పాలి? ముప్పై నిమిషాలలో ఇరవై ఒక్క నిమిషాల పధ్నాలుగు సెకన్లు పోవాలి. ఒక నిమిషం అప్పు తెచ్చి అరవై సెకన్లు చేస్తే ఇరవై తొమ్మిది నిమిషాల అరవై సెకన్లు. అందులోనుంచి తీసివేస్తే ఎనిమిది నిమిషాల నలభై ఆరు సెకన్లు. మా మనుమరాలికి ఈ లెక్క ఇచ్చాను. మొదట ఎనిమిది నిమిషాల ఎనభై ఆరు సెకన్లు అంది. సెకన్లలో సరిగ్గా నలభై ఎక్కువ!

ఇక ఎ.ఎం., పి.ఎం.లు. 'మెరిడియేస్' అంటే లాటినులో పట్టపగలు, పగటి నడుమ. అది 'మెదిడియేస్' నుండి వచ్చిందట; మొదటి దకారం రేఫగా మారింది. మన బాలవ్యాకరణం చదివినవారికి ఇలాంటి మార్పులు కొత్త కాదు. ఆంటె మెరిడియెమ్ అంటే నడిపగటికి ముందు, పోస్ట్ మెరిడియెమ్ అంటే తరువాత. అలాంటప్పుడు నడిపగలే ఎక్కడికి చెందాలి? అది తనకు తాను ముందూ కాదు, వెనుకా కాదు. శబ్దార్థాన్ని బట్టి చూస్తే మధ్యాహ్నం సరిగా పన్నెండుకు ఎ.ఎం. అన్నా తప్పే, పి.ఎం. అన్నా తప్పే. వర్క్‌షీటు వేసిన ప్రశ్నకు వ్యాకరణంలో జవాబు లేదు.

జవాబు ఆచారంలో ఉంది. ఆ ఆచారం కూడా ఒక్కటిగా లేదు. అమెరికా ప్రభుత్వ ముద్రణాలయంవారి శైలీగ్రంథం 2000వ సంవత్సరపు ముద్రణలో మధ్యాహ్నం పన్నెండును ఎ.ఎం. అనీ, అర్ధరాత్రి పన్నెండును పి.ఎం. అనీ వ్రాయమన్నది. సరిగ్గా నేను చెప్పిన జవాబే! 2008 ముద్రణలో దానిని తలక్రిందులు చేశారు. కనుక నా జవాబు కొన్నేళ్ళు ఆలస్యమైందే గాని నిరాధారం కాదని ఇంట్లో వాదించి చూశాను. పోయిన మార్కు తిరిగి రాలేదు.

అయితే నేటి ఆచారానికి కూడా ఒక న్యాయం ఉన్నదని ఒప్పుకుంటున్నాను. అంకెల గడియారంలో 12.00 తరువాత 12.01 వస్తుంది. 12.01 నిస్సందేహంగా మధ్యాహ్నానికి తరువాతిది, పి.ఎం. ఆ పన్నెండవ గంటలోని యాభై తొమ్మిది నిమిషాలూ పి.ఎం. అయినప్పుడు మొదటి నిమిషాన్ని మాత్రం ఎ.ఎం. చేసి విడదీయడం దండగ. "పదకొండు తరువాత పన్నెండు" అని ఆలోచించడం వలన నేను పడిపోయాను. పన్నెండును పదకొండుకు అన్నగా చూడకూడదు. ఒకటికి ముందున్న సున్నగా చూడాలి.

ఇలా చూస్తే లెక్క కూడా తేలికవుతుంది. మధ్యాహ్నం 12.20కి బయలుదేరి 2.05కి చేరిన బస్సుకు ఎంతసేపు పట్టింది? పిల్ల పెద్ద అంకెలోనుంచి చిన్న అంకె తీసి పది గంటల పదిహేను నిమిషాలు అంటుంది. పన్నెండును సున్న చేయండి: 0.20 నుండి 2.05 వరకు, ఒక గంట నలభై అయిదు నిమిషాలు. అలాగే రాత్రి 9.40కి పడుకొని ఉదయం 6.25కి లేచిన పిల్లవాడు ఎంతసేపు నిద్రపోయాడు? పిల్ల 3 గంటల 15 నిమిషాలు అని వ్రాస్తుంది. నిజానికి అర్ధరాత్రి దాకా 2 గంటల 20 నిమిషాలు, ఆ పైన 6 గంటల 25 నిమిషాలు. వెరసి 8 గంటల 45 నిమిషాలు.

ఇక్కడ మళ్ళీ ఒక ఆనవాలు కనబడుతుంది. పది గంటల పదిహేనుకు ఒక గంట నలభై అయిదు కలపండి: పన్నెండు. మూడు గంటల పదిహేనుకు ఎనిమిది గంటల నలభై అయిదు కలపండి: పన్నెండు. అంకెల పరిమాణం చూసి తిరగవేసి తీసివేసిన పిల్ల జవాబూ నిజమైన జవాబూ కలిసి ఎప్పుడూ పన్నెండే అవుతాయి. ప్రయాణం పన్నెండు గంటలకు లోపుదైతే. ఇక 11.50 ఎ.ఎం. నుండి 12.10 వరకు అని ఇచ్చి, రెండవ దానికి ఎ.ఎం. తగిలించారనుకోండి, ఇరవై నిమిషాల జవాబు పన్నెండు గంటల ఇరవై నిమిషాలవుతుంది. ఇలాంటి ప్రశ్న పిల్లలను పట్టుకోవడానికి పన్నిన ఉచ్చు. ప్రశ్నపత్రాలు వ్రాసేవారికి ఇది సరదా కాబోలు, నాకు నచ్చదు.

సూర్యుణ్ణి అడిగితే ఈ తగవు ఇంకో మలుపు తిరుగుతుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మన తుని పరిసరాలలోనుంచి పోతుంది. హైదరాబాదు దానికి పడమరగా సుమారు నాలుగు డిగ్రీల దూరంలో ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు సగటున 12.16కు నడినెత్తికి వస్తాడు. సగటున అన్నాను, సూర్యుడు గడియారంలాగా నడవడు. నవంబరు మొదట్లో పదహారు నిమిషాలు ముందు, ఫిబ్రవరి నడుమ పధ్నాలుగు నిమిషాలు వెనుక ఉంటాడు. అంటే ఫిబ్రవరిలో హైదరాబాదులో అసలు మధ్యాహ్నం దాదాపు పన్నెండున్నరకు. ఆ నెలలో అక్కడ 12.15 పి.ఎం. అన్నది మాటవరుసకే పోస్ట్ మెరిడియెమ్. ఆకాశంలో ఇంకా ఆంటె మెరిడియెమే.

మన పూర్వులకు ఎ.ఎం., పి.ఎం.ల అవసరమే కలగలేదు. వారి రోజు సూర్యోదయంతో మొదలై మరునాటి సూర్యోదయంతో ముగిసేది. అరవై గడియలు వరుసగా లెక్క. సూర్యోదయం 6.12 అనుకుంటే, సూర్యోదయాది 17 గడియల 30 విఘడియలు ఎన్ని గంటలకు? పదిహేడున్నరను ఇరవై నాలుగుతో గుణిస్తే 420 నిమిషాలు, సరిగ్గా ఏడు గంటలు. అంటే మధ్యాహ్నం 1.12. ఎక్కడా పన్నెండు దాటే గొడవ లేదు.

కాని రెండు పద్ధతులూ కలిసినప్పుడు పుట్టిన చిక్కు మన శుభలేఖలలో ఉన్నది. "గురువారం రాత్రి 1.42 ని.లకు (తెల్లవారితే శుక్రవారం)" అని వేస్తాం. గడియారం ప్రకారం అది అప్పటికే శుక్రవారం. పంచాంగం ప్రకారం సూర్యుడు ఉదయించేదాకా గురువారమే. ఆ కుండలీకరణాలలోని రెండు మాటలు లేకపోతే సగం మంది బంధువులు ఒకరోజు తేడాగా వస్తారు. ఇంగ్లీషువారి రెండక్షరాలకన్న ఈ రెండు మాటలే మెరుగైన జాగ్రత్త అని నా అభిప్రాయం. ఇవి రోజును కూడా చెబుతాయి.

రైల్వేవారు అలాంటి జాగ్రత్త వ్రాయరు. వారిది ఇరవై నాలుగు గంటల లెక్క, అది పూర్తిగా నిర్దుష్టం. తప్పు నాదే. 1994లో విజయనగరంలో మా గురువుగారికి సన్మానం తలపెట్టారు. పదిహేనవ తేదీ ఉదయం పది గంటలకు సభ. సన్మానపత్రం పద్యాలలో వ్రాసే భాగ్యం నాకిచ్చారు. సభలో చదవవలసింది కూడా నేనే. పధ్నాలుగవ తేదీ రాత్రి విజయవాడలో రైలెక్కితే ఉదయానికి చేరుతానని రిజర్వేషన్ ఫారంలో తేదీ దగ్గర 14 అని వ్రాశాను. రైలు వేళ 00.20. పధ్నాలుగు రాత్రి పదకొండూ నలభైకే స్టేషనుకు చేరి, పెట్టె మీద కూర్చొని పద్యాలు మననం చేసుకున్నాను. రైలు వచ్చింది. నా బెర్తులో ఒక కుటుంబం నిద్రపోతున్నది. టి.టి.ఇ. నా టిక్కెట్టు చూసి, "మాస్టారూ, మీ రైలు నిన్న రాత్రే వెళ్ళిపోయిందండీ" అన్నారు. పధ్నాలుగు 00.20 అంటే పదమూడవ తేదీ రాత్రి పడుకొని లేవకముందే గడిచిపోయిన వేళ. నేను స్టేషనులో అడుగుపెట్టే సరికే అది వెళ్ళి ఇరవై మూడు గంటల ఇరవై నిమిషాలు అయింది.

పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. ఏలూరులో దిగిపోయాను. అక్కడినుంచి బస్సులు మారి మారి విజయనగరం చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటింది. మేజాబల్లలు మోసుకుపోతున్నారు. గురువుగారు ఇంటికి వెళ్ళిపోయారు. ఇంటికే వెళ్ళి కాళ్ళకు మ్రొక్కి, సన్మానపత్రం ఆయన ఎదుట కూర్చొని చదివాను. మొత్తం విన్నారు. మూడవ పద్యంలో యతి తప్పిందని చెప్పారు. రైలు సంగతి చెబితే నవ్వి, "పంచాంగం చూసి ఎక్కావా?" అన్నారు. ఆయన గతించి చాలా ఏళ్ళయింది. ఆ పత్రం సభలో చదవలేదన్న వెలితి మాత్రం నాకు పోలేదు.

మా మనుమరాలికి ఈ కథ చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే 00.20 అంటే 12.20 ఎ.ఎం. కదా తాతయ్యా, పన్నెండును సున్న చేసినట్టే" అంది. అవునన్నాను. "మరి అప్పుడు నీకు తెలియదా?" అంది. తెలియదన్నాను. వర్క్‌షీటు వెనుకవైపు ఖాళీగా ఉంటే, అక్కడ ఒక గుండ్రటి గడియారం గీసి పన్నెండు ఉండవలసిన చోట 0 అని వ్రాసింది. చిన్నముల్లును సున్నకూ ఒకటికీ నడుమ, సున్న వైపు మూడోవంతు దూరంలో గీసింది. కొలబద్ద తీసి చూశాను. సరిగానే ఉంది.